బాపమ్మ సంవత్సరీకం కార్డు మీద ఏం రాయాలి

మాఘ బహుళ పంచమి మా బాపమ్మ తిథి. ఆ రోజు ఇంటికి వచ్చేవాళ్లకు ఇచ్చే చిన్న కార్డు మీద నాలుగు మాటలు రాసే పని ఈసారి నాకు అప్పజెప్పారు. క్లుప్తంగా ఉండాలి, గౌరవంగా ఉండాలి అన్నాడు నాయిన. రెండింటికీ ఒప్పుకున్నాను. కానీ గౌరవం అంటే ఏమిటన్న దగ్గర ఇంట్లో మా అందరి మాటా ఒకటి కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రింటింగ్ ప్రెస్సులో అడిగితే ఇలాంటి కార్డులకు మాటలు తయారుగా ఉంటాయి. మమతల మూర్తి, అనురాగ దేవత, మా ఇంటి దీపం, మీ ఆశీస్సులే మాకు అండ. వీటిలో తప్పు మాట ఒక్కటీ లేదు. మా బాపమ్మకూ సరిపోతాయి, పక్కింటి బాపమ్మకూ సరిపోతాయి, ఫొటో మార్చి ఇంకో ఊళ్లో ఇంకో ముసలమ్మ కింద అచ్చేసినా సరిపోతాయి. నా అభ్యంతరం అదే. మనిషిని తలుచుకునే రోజున ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ సరిపడని మాట ఒక్కటైనా ఉండాలి.

ఆ రోజు జరిగే కర్మలో ఈ పట్టింపు ఎంత ఉందో చూడండి. బాపమ్మ పోయింది సాయంత్రం పూట. ప్రాణం పోయిన ఘడియకు ఏ తిథి నడుస్తుందో అదే ఆమె తిథి అయింది. తిథి మన గడియారం రోజులాగా ఇరవై నాలుగు గంటలు ఉండదు. ఒక్కోసారి ఇరవై గంటల్లోపే అయిపోతుంది, ఒక్కోసారి ఇరవై ఆరు దాటుతుంది. అందుకని ఏటా ఆబ్దికం ఏ రోజు పెట్టాలో క్యాలెండరు గడిలో పొద్దుటికి రాసి ఉన్న తిథిని చూసి తేల్చరు. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగో భాగం, అంటే అపరాహ్ణం వేళకు ఆ తిథి ఉందా లేదా అని చూస్తారు. మా పంతులు పంచాంగం ముందేసుకుని గంటలు, నిమిషాలు లెక్కగట్టి చెబుతాడు. ఆ తర్వాత నాయిన దర్భ వేలికి పెట్టుకుని కూర్చుని గోత్రం చెప్పి, ముగ్గురు ఆడవాళ్ల పేర్లు చెబుతాడు. తన తల్లి, తల్లికి అత్త, ఆ అత్తకు అత్త. మొదటామె వసు రూపం, రెండో ఆమె రుద్ర రూపం, మూడో ఆమె ఆదిత్య రూపం. ఆ మూడో ఆమె పేరు మా ఇంట్లో ఏడాదికి ఆ ఒక్కసారే వినబడుతుంది. ఆమె ఎట్లా ఉండేదో చూసినవాళ్లు ఎవరూ లేరు, ఫొటో లేదు.

అంతే, ఆ మంత్రం అక్కడితో అయిపోతుంది. పొగడ్త ఒక్కటి కూడా లేదు. పేరు, గోత్రం, తిథి, వరస. నాకు ఆ పొదుపు చాలా నచ్చుతుంది. నిమిషాల లెక్కతో రోజు తేల్చుకున్న ఇంట్లో, కార్డు దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా సరిపోయే మాటలు ఎందుకు వాడాలి? కర్మలో లేనిది ఒక్కటే, ఆమె ఏ పని చేసింది అన్నది. కార్డు మీద రాయాల్సింది అదే అని నా వాదన.

బాపమ్మ ఆసు పోసేది.

పోచంపల్లి పట్టుచీర గురించి తెలిసినవాళ్లలో కూడా ఆసు సంగతి తెలియనివాళ్లు చాలామంది. చీర చూస్తే డిజైను మగ్గం మీద నేతలో పుట్టిందనిపిస్తుంది. కాదు. చిటికి పనిలో డిజైను దారంలోనే ముందుగా తయారవుతుంది. తెల్ల దారాన్ని లెక్క ప్రకారం జట్లు జట్లుగా పేర్చి, రంగు తగలకూడని చోట సైకిలు ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. కట్టు విప్పి, ఇంకో చోట కట్టి, మళ్లీ ముంచుతారు. అలా ముక్కముక్కలుగా రంగెక్కిన దారం మగ్గం మీద వరసగా పడితే అప్పుడు పువ్వు, చిలుక, గళ్లు తేలుతాయి. రంగు అంచులు కొద్దిగా పాకినట్టు కనిపించేది కూడా అందుకే.

చీరలో అడ్డంగా పడే పేక దారాన్ని ఇలా జట్లుగా పేర్చే పనే ఆసు. చెక్కకు ఒక వైపు ఒకే మేకు ఉంటుంది. దానికి ఎదురుగా, సుమారు మీటరు దూరంలో, అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. దారం ఇటు ఉన్న మేకు నుంచి అటు వరసలోని మేకు దాకా వెళ్లి, చుట్టుకుని, మళ్లీ ఇటు రావాలి. ఆ మీటరు దూరం చీర పన్నాకు తగినట్టు ఉంటుంది. ఒక మేకు మీద పడాల్సిన చుట్లు పడ్డాక పక్క మేకుకు పోవాలి. ఒక చీరకు చెయ్యి ఇలా సుమారు తొమ్మిది వేల సార్లు పోయి రావాలి. చేత్తో చేస్తే నాలుగైదు గంటల పని.

ఐదు గంటలంటే పద్దెనిమిది వేల సెకన్లు. తొమ్మిది వేల చుట్లంటే రెండు సెకన్లకు ఒకటి. మధ్యలో దారం తెగితే ముడి వేయాలి, పిల్లాడు ఏడిస్తే లేవాలి, పొయ్యి మీద పప్పు చూడాలి. ఆ వేళంతా పోగా మిగిలిన సమయంలో చెయ్యి ఇంకా తొందరగా ఆడాలి. ఒక్క చుట్టుకు మీటరు అనుకున్నా, ఒక చీరకు ఆమె చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు తిరిగింది. మా ఇంట్లో ఉన్నది ఒకే గుంట మగ్గం. నెలకు నాలుగు చీరలు దిగేవని నాయిన చెబుతాడు. అంటే ఏడాదికి నాలుగు లక్షల ముప్పై వేల చుట్లకు పైనే. ముప్పై ఏళ్లకు దగ్గరదగ్గర కోటీ ముప్పై లక్షలు, పదమూడు వేల కిలోమీటర్లు. ఆలేరు దాటి ఎన్నడూ పెద్దగా ఎటూ పోని మనిషి.

ఇది చెయ్యి ఆడించే పని మాత్రమే అయితే ఎవరైనా చేస్తారు. కష్టం లెక్కలో ఉంది. ఒక మేకు మీద ఒక చుట్టు ఎక్కువ పడితే అప్పుడు కనబడదు. చిటికి కట్టేటప్పుడూ కనబడదు. రంగులద్ది, ఎండబెట్టి, అదే వరసలో కండెలకు చుట్టి, మగ్గం ఎక్కించాక, ఎన్నో రోజుల తర్వాత నేతలో బయటపడుతుంది. పువ్వు రేకు ఒక పక్కకు మెట్టులా జరుగుతుంది. చిటికి అంచుకు ఉండే సహజమైన పాకుడు వేరు, ఈ మెట్టు వేరు. చూసే కన్నుకు ఇట్టే తెలుస్తుంది. నేసేవాళ్లు ప్రతి పోగునూ అంచు దగ్గర కొంచెం లాగి సర్దుకుంటారు గానీ, ఆ సర్దుబాటుకు హద్దుంటుంది. దారం బిగువు సమంగా లేకపోయినా ఇదే గొడవ. వదులుగా పడిన పోగు కట్టు కింద సరిగా నొక్కుకోదు, రంగు లోపలికి దిగుతుంది, తెల్లగా ఉండాల్సిన చోట మరక తేలుతుంది.

అట్లా తప్పిన చీరకు కూలి కోస్తారు. కోత పడితే తాత మాట పడేవాడు. తాత నోట ఇంట్లో ఒక మాట తరచుగా వచ్చేదట. "ఆసు మీ అవ్వ పోస్తే నేను కండ్లు మూసుకొని నేస్త" అని. నాయిన చెప్పిన ఈ ఒక్క మాట నాకు పదకొండు విశేషణాలున్న కార్డు కంటే విలువైనదిగా అనిపిస్తుంది. ఆ పని నాణ్యత తెలిసిన ఇంకో పనివాడు ఇచ్చిన మాట అది.

ఇంత పని చేసినా బాపమ్మ ఎప్పుడూ కూలి తీసుకోలేదు. ఆమెకు ఎవరో ఎగ్గొట్టారని కాదు. లెక్క కట్టే తీరే అట్లా ఉండేది. సావుకారు పట్టు, రంగు, డిజైను ఇస్తాడు. చీరలు నేసి ఇచ్చాక పుస్తకంలో తాత పేరు మీద చీరకింత అని కూలి రాస్తాడు. కండెలు చుట్టినందుకు, ఆసు పోసినందుకు, అచ్చు అతికేటప్పుడు, అంటే మగ్గం మీద పాత పోగులకు కొత్త పోగులు కలిపేటప్పుడు, పోగులందించినందుకు వేరేగా ఏమీ లేదు. అన్నీ ఆ ఒక్క కూలిలోనే. పుస్తకంలో ఒక ఇంటికి ఒకే పేరు. పెద్దగా తగవు పడాల్సిన అన్యాయంలా అది ఆ రోజుల్లో ఎవరికీ కనిపించలేదు. ఇంట్లో డబ్బు ఒకే డబ్బాలో పడేది కదా అన్నారు. నిజమే. కానీ ధర లేని పనికి పేరు కూడా లేకుండా పోతుంది.

దానికి రుజువు ఆసు యంత్రమే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి, మోచేతి నొప్పి చూడలేక 1992లో యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టాడు. బడి చదువు మధ్యలోనే ఆగిన మనిషి. 1999 నాటికి పని పూర్తయింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో అయిపోతుంది. ఆ యంత్రానికి తల్లి పేరు పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. యంత్రాలు మా వైపు ఊళ్లకు వచ్చాక చాలా ఇళ్లలో దారం తీసుకెళ్లి యంత్రం ఉన్నవాళ్ల దగ్గర ఆసు పోయించుకోవడం మొదలైంది. మా ఇంటి ఖర్చుల్లో "ఆసు" అని ఒక పద్దు అప్పుడే వచ్చింది. అంతకు ముందు దశాబ్దాల పాటు అదే పని ఆ ఇంట్లో జరిగింది, కానీ ఆ పద్దు లేదు. బాపమ్మ చేతి నుంచి బయటికి వెళ్లిన రోజునే ఆ పనికి వెల వచ్చింది.

యంత్రం మా ఇంటిదాకా వచ్చేసరికి ఆమె కుడి భుజం అప్పటికే పాడైంది. చెయ్యి తల దాకా లేచేది కాదు. కొప్పు మా మేనత్త వేసేది. నొప్పని డాక్టరు దగ్గరికి తీసుకుపోతే వయసు అన్నారట. నేను డాక్టరును కాను, ఆ భుజంలో ఏది ఎందుకు అరిగిందో చెప్పలేను. కానీ ఆసు పోసిన ఇళ్లలో ఆడవాళ్ల కుడి భుజం సంగతి అడిగితే మా వాడకట్టులో ఎవరూ ఆశ్చర్యపోరు. పద్మశ్రీ దాకా వెళ్లిన యంత్రం కూడా అదే నొప్పి నుంచి పుట్టింది.

ఇదంతా విన్నాక చిన్నాయిన నాతో గట్టిగానే వాదించాడు. "ఆసు పోయడమేందిరా, అందరి ఇండ్లల్ల ఆడోళ్లు పోసిన్రు. అది రాస్తే మా అమ్మ గొప్పతనం ఏమున్నది? ఎంతమందికి అన్నం పెట్టింది, అది రాయి" అన్నాడు. ఆయన మాటలో ప్రేమ ఉంది, నేను కాదనను. బాపమ్మ అన్నం పెట్టింది, చాలామందికి పెట్టింది. కానీ అందరి ఇళ్లలో ఆడవాళ్లు చేశారు కాబట్టి రాయనక్కరలేదు అన్నది నేను ఒప్పుకోను. అందరి ఇళ్లలో మగవాళ్లు మగ్గం నేశారు. అయినా తాత పోయినప్పుడు కార్డు మీద "చేనేత కార్మికుడు" అని రాశాం. ఎవరూ అడ్డు చెప్పలేదు. తాతను ఆయన పనితో, బాపమ్మను ఆమె పెట్టిన అన్నంతో తలుచుకోవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అక్కడ తేడా ఉందని కూడా కనిపించదు.

ప్రభుత్వ లెక్కల్లో కూడా ఈ గీత ఉంది. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35 లక్షలకు పైగా. అందులో నేతపనివాళ్లు ఒక గడి, 26 లక్షల పైచిలుకు. అనుబంధ పనివాళ్లు ఇంకో గడి, ఎనిమిదిన్నర లక్షల దాకా. మొత్తంలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. ఈశాన్య రాష్ట్రాల్లో ఆడవాళ్లే మగ్గం మీద కూర్చుంటారు కాబట్టి అక్కడ వాళ్లు మొదటి గడిలోనే పడతారు. మన దగ్గర మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు కనుక, మా బాపమ్మ బతికి ఉండి ఇంకా ఆసు పోస్తూ ఉంటే రెండో గడిలో పడేది. ఆ లెక్క రాసినవాళ్లను తప్పుపట్టను. అనుబంధ పనివాళ్లను కూడా వేరేగా లెక్కపెట్టడమే ఒక మేలు. అయితే మిగతా నేతకు ఎలా ఉన్నా, పేక చిటికిలో ఆసును అనుబంధం అనడం నాకు సరిగా అనిపించదు. డిజైను దారంలోనే ఉంటుంది, ఆ దారానికి వరస పెట్టేది ఆసు. వరస తప్పితే మగ్గం మీద ఎంత నిపుణుడు కూర్చున్నా చీర రాదు. తాత కళ్లు మూసుకుని నేస్తానన్నది అందుకే.

కార్డులో భుజం సంగతి రాయాలా వద్దా అన్నది నాకు ఇంకా కష్టమైన ప్రశ్న అయింది. ముందు రాయాలనే అనుకున్నాను. పని గురించి చెప్పి, ఆ పని తీసుకున్న మూల్యం చెప్పకపోతే సగమే చెప్పినట్టు కదా అని. మేనత్త వద్దంది. "వచ్చినోళ్ల ముందట మా అమ్మ ఎన్నడన్న నొప్పి అన్నదా బిడ్డా? చాయ ఇచ్చేటప్పుడు గూడ ఎడమ చేత్తో ఇస్తే మంచిగుండదని కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకొని ఇచ్చేది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మనిషి తనంత తాను దాచుకున్న దాన్ని ఆమె సంవత్సరీకం నాడు వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టే హక్కు నాకు లేదు. భుజం సంగతి ఇక్కడ, వాదన కోసం చెప్పాను. ఊరి మనుషుల చేతికి వెళ్లే కార్డులో పని మాత్రమే ఉంటుంది. మర్యాద అంటే ఈ ఎంపిక అని నాకు మేనత్త వల్లే తెలిసింది.

మేనత్త ఇంకో సవరణ కూడా చెప్పింది. బాపమ్మ ఆసు తన అత్త దగ్గర నేర్చుకుందట. ఆ తర్వాత మా వాడకట్టుకు కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు చాలామంది బాపమ్మ దగ్గరే నేర్చుకున్నారట. మొదట పట్టు ఇచ్చేది కాదు, నూలు దారంతో పోయించేది. మేకు మారేటప్పుడు చుట్లు పైకి లెక్కపెట్టమనేది. నోట్లో లెక్క ఆగిపోయి చేతికి లెక్క వచ్చాకే పట్టు కండె చేతికిచ్చేది. ఇది నాకు తెలియదు, నాయినకూ తెలియదు. మగవాళ్లకు తెలిసే దారే లేదు, ఆ నేర్పుడంతా మధ్యాహ్నం పూట ఆడవాళ్ల మధ్య జరిగింది. నాయిన పిండం పెట్టేటప్పుడు రెండో పేరుగా చెప్పే ఆమే బాపమ్మకు ఆసు నేర్పిన అత్త. ఇన్నేళ్లూ పేరు, గోత్రమే తెలిసిన ఆమె పని ఏమిటో ఈ కార్డు పుణ్యమా అని తెలిసింది.

చివరికి కార్డు మీద ఫొటో, పేరు కింద ఇలా రాశాను.

"ఆలేరు దగ్గరి మా చేనేత ఇంట్లో ముప్పై ఏళ్లకు పైగా పట్టు ఆసు పోసింది. మా తాత నేసిన చీరల పేక అంతా ఆమె చేతి మీదుగా వెళ్లింది. అత్త దగ్గర నేర్చుకున్న ఆ పనిని వాడకట్టు కోడళ్లకు నేర్పింది. మాఘ బహుళ పంచమి నాడు ఇంట్లో ఆబ్దికం, ఆ తర్వాత భోజనాలు."

చిన్నాయిన చదివి, చివరి వాక్యంలో భోజనాల ముందు "ఆమె పేరున" అని చేర్చమన్నాడు. చేర్చాను. కార్డు ప్రెస్సుకు వెళ్లింది.